స్టాక్ లెక్కలో తేడా వస్తే తప్పు లేబుల్ పెట్టెలను ఎలా పట్టుకోవాలి?

ఒక గోదాములో 100 గ్రాముల సబ్బుల పెట్టెలు 240, 75 గ్రాములవి 192 ఉండాలి. తెల్లవారితే పెద్ద లోడు వెళ్లాలి. గుమాస్తా పెట్టె పెట్టెనూ స్కాన్ చేస్తే మొదటి రకం 228, రెండో రకం 204 తేలాయి.

"లారీ గేటు దగ్గరికొచ్చేసింది, సర్దుబాటు ఎంట్రీ వేసెయ్యవయ్యా" అన్నాడు సూపర్‌వైజరు.

"ఆ పన్నెండూ ఎక్కడున్నాయో తేలాక వేస్తాను సార్" అని అతను మళ్లీ లెక్కపెట్టాడు. అవే అంకెలు.

1. రెండు తేడాలనూ పక్కపక్కన పెట్టండి. ఒకటి 12 తగ్గింది, ఇంకొకటి సరిగ్గా 12 పెరిగింది. మొత్తం మాత్రం 432 అలాగే ఉంది. సరుకు పోయి ఉంటే మొత్తం తగ్గేది. కాబట్టి సరుకు ఉంది, దాని మీది పేరే మారింది. పుస్తకంలోని అంకెలను స్కాన్ లెక్కకు సరిపెట్టేస్తూ సర్దుబాటు ఎంట్రీ వేస్తే ఈ ఆధారం చెరిగిపోతుంది, అందుకే గుమాస్తా మొండికేయడం సబబే.

2. తేడాను ప్యాలెట్ అమరికతో పోల్చండి. ఇక్కడ ప్యాలెట్‌కు నాలుగు వరుసలు, వరుసకు 12 పెట్టెలు. అంటే తేడా సరిగ్గా ఒక వరుస. ప్యాలెట్లవారీగా స్కాన్ చేస్తే 100 గ్రాముల మొదటి ప్యాలెట్‌లో అడుగు వరుసంతా 75 గ్రాముల లేబుళ్లే కనిపించాయి. ప్యాకింగ్‌లో ముందు 75 గ్రాముల సబ్బు నడిచింది. రకం మారినప్పుడు మిగిలిన పాత లేబుళ్లను తీసేయకుండా కొత్త పెట్టెలకు అంటించేశారు. ఇలాంటి తప్పు ఎక్కువగా రకం మారిన వెంటనే వచ్చే పెట్టెల్లోనే దొరుకుతుంది.

3. తూకాన్ని నమ్మకుండా పెట్టె తెరవండి. 100 గ్రాములవి పెట్టెకు 72, 75 గ్రాములవి 96. రెండింట్లోనూ సబ్బు బరువు 7.2 కిలోలే. అందుకే కాటా మీద గానీ వేబ్రిడ్జి మీద గానీ ఈ తప్పు బయటపడదు. బరువులు బాగా తేడాగా ఉండే సరుకైతేనే తూకం పనికొస్తుంది.

4. తప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తేల్చండి. ఆ వరుసలోని పన్నెండింటినీ తెరవండి. దానికి సరిగ్గా పైనున్న వరుసలో మొదటి పెట్టెను, 75 గ్రాముల చివరి ప్యాలెట్‌లో ఆఖరి పెట్టెను కూడా తెరిచి చూడండి. అదే బ్యాచ్‌లో ముందే బయటికి వెళ్లిన పెట్టెలుంటే, అందుకున్నవారికి వెంటనే కబురు చేయాలి.

5. లేబుళ్లను లెక్కతో మార్చండి. కొత్తవి 12 తీసుకోండి, పాతవి 12 చించి అప్పగించండి. పాతదాని మీదే కొత్తది అంటిస్తే, పాత బార్‌కోడ్ గీతలు కొంచెం బయటికి కనిపించినా స్కానర్ దాన్నే చదవవచ్చు. మళ్లీ స్కాన్ చేసి 240, 192 వచ్చాకే లోడింగ్‌కు వదలండి.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. రెండు వైపులా సమానంగా లేబుళ్లు తారుమారైతే లెక్క సరిపోతుంది, తప్పు దాక్కుంటుంది. అందుకని లెక్క కుదిరిన రోజున కూడా, రకం మారాక కట్టిన మొదటి ప్యాలెట్ అడుగు వరుసలోంచి ఒక పెట్టె తెరవాలి.