తెలుగు ఎస్సెమ్మెస్ ఎన్ని భాగాలవుతుందో పంపే ముందే లెక్కేయడం ఎలా?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంటుకు 48 ఫ్లాట్లు. నీళ్లు రాని రోజు ముందు రాత్రే అందరికీ ఎస్సెమ్మెస్ పెట్టడం నా పని. ఒకసారి చివర దండం బొమ్మ ఒక్కటి చేర్చాను. 48 మెసేజ్‌లకు పోవాల్సిన బ్యాలెన్స్ 96కి పోయింది. కంపెనీ వాళ్లు తప్పు చేశారనుకున్నాను. కూర్చుని లెక్కేస్తే వాళ్ల లెక్కే సరైనది. ఆ లెక్క ఇలా వేసుకోవాలి.

ముందు మెసేజ్‌లో తెలుగు అక్షరం ఉందో లేదో చూడండి. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరాలను ఏడేసి బిట్లలో సర్దుతారు కాబట్టి 160 పడతాయి. తెలుగు అక్షరాలు ఆ పట్టికలో లేవు. అందుకని ఒక్క తెలుగు అక్షరం ఉన్నా మెసేజ్ మొత్తం యూసీఎస్-2 అనే పద్ధతిలోకి మారుతుంది. అందులో ఒక్కోదానికి రెండు బైట్లు, అంటే మొత్తం 70 మాత్రమే. మధ్యలో ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, ఖాళీలు కూడా రెండేసి బైట్లు తింటాయి. పూర్తిగా ఇంగ్లిష్‌లో రాసిన మెసేజ్‌లో ₹ గుర్తు పెట్టినా ఇదే జరుగుతుంది. అక్కడ Rs. అని రాస్తే 160 నిలుస్తుంది.

తర్వాత లెక్కపెట్టడం. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే, ఎందుకంటే కంటికి కనిపించే అక్షరం వేరు, ఫోన్ లెక్కపెట్టేది వేరు. ‘పట్టుకోండి’ తీసుకోండి. మనకు నాలుగే అక్షరాలు: ప, ట్టు, కోం, డి. ఫోన్‌కు మాత్రం ‘ట్టు’ ఒక్కటే నాలుగు: ట, పొల్లు, మళ్లీ ట, కొమ్ము. ‘కోం’ మూడు: క, ఓత్వం, సున్నా. ‘డి’ రెండు. ‘ప’తో కలిపి పది. గుణింతానికి ఒకటి, సున్నాకు ఒకటి, ఒత్తుకు రెండు (పొల్లుకు ఒకటి, కింద చేరే హల్లుకు ఒకటి) అని గుర్తుపెట్టుకుంటే చేత్తోనే లెక్కేయొచ్చు.

నేను పంపేది ఇది:

```
రేపు శుక్రవారం ఉదయం 6 నుంచి 10 వరకు నీళ్లు రావు. ఈ రాత్రే పట్టుకోండి.
```

కంటితో చూస్తే అక్షరాలు, అంకెలు, చుక్కలు, ఖాళీలు అన్నీ కలిపి 41. ఫోన్ లెక్కలో తెలుగు అక్షరాలే 53 అవుతాయి. అంకెలు 3, చుక్కలు 2, ఖాళీలు 11 కలిపితే 69. అంటే ఒక్క భాగంలో సరిపోయింది, ఇంకా ఒక చోటు మిగిలింది.

దండం బొమ్మ 🙏 రెండు చోట్లు తీసుకుంటుంది. మొత్తం 71 అయింది. చర్మం రంగు మార్చిన 🙏🏽 అయితే నాలుగు.

70 దాటాక మెసేజ్‌ను ముక్కలు చేసి పంపుతారు. అవతలి ఫోన్ వాటిని మళ్లీ కలపడానికి ప్రతి ముక్క ముందు 6 బైట్ల సమాచారం చేరుతుంది. 140లో 6 పోతే 134, అంటే ముక్కకు 67 చోట్లే. కాబట్టి 70 దాటిన మెసేజ్‌ను 67తో భాగించి, శేషం ఉంటే పైఅంకె తీసుకోవాలి. 134 వరకు రెండు, 201 వరకు మూడు. షీట్‌లో A1 గడిలో మెసేజ్ పెట్టి, పక్క గడిలో ఇది రాస్తే చాలు:

```
=IF(LEN(A1)<=70,1,ROUNDUP(LEN(A1)/67,0))
```

ఒక ఖాళీ గడిలో 🙏 ఒక్కటే పెట్టి LEN చూడండి. 2 రాకపోతే ఆ షీట్ ఎమోజీని తక్కువ లెక్కేస్తోందన్నమాట, తేడాను మీరే కలపాలి. ఇంకో ఇబ్బంది ఉంది. ఎమోజీ సరిగ్గా 67వ చోటులో పడితే దాన్ని సగానికి కోయకూడదు కాబట్టి పూర్తిగా తర్వాతి ముక్కలోకి నెడతారు. ముక్కల అంచుకు దగ్గరగా ఉన్నప్పుడు దీనివల్ల ఒక భాగం పెరగొచ్చు.

చేతి లెక్కకూ LEN లెక్కకూ ఒకటి రెండు తేడా వస్తే కనిపించని గుర్తు ఉందేమో చూడండి. ‘అసోసియేషన్‌లో’ అని రాసేటప్పుడు న్ కింద ల వత్తుగా మారకుండా కీబోర్డు మధ్యలో ఒక గుర్తు పెడుతుంది. కనిపించకపోయినా అదీ ఒక చోటు తింటుంది. బాణం మీటతో కర్సర్ కదిపితే చాలాసార్లు అక్కడ ఒక నొక్కు కదలకుండా వృథా అవుతుంది. ‘అసోసియేషన్ లో’ అని ఖాళీ పెట్టినా లెక్క అంతే అవుతుంది కాబట్టి, చోటు మిగలాలంటే పదాన్నే మార్చుకోవాలి.

పేర్లు మారే మెసేజ్ అయితే జాబితాలో అన్నిటికన్నా పొడవైన పేరు పెట్టి లెక్కేయండి. నేను చిన్న పేరుతో చూసి పంపినప్పుడు కొన్ని ఫ్లాట్లకు మాత్రమే రెండు భాగాలు పడ్డాయి.

ఇప్పుడు నేను ‘6 నుంచి 10 వరకు’ బదులు ‘6-10 మధ్య’ అని రాస్తున్నాను. 15 చోట్లు 9కి తగ్గాయి. ముందు ఖాళీ వదిలి దండం బొమ్మ పెట్టినా మొత్తం 66.