హోలీకి మొహాలు మార్చి పెట్టమంటే: ఆలుమగల ఫొటోల జాగ్రత్తలు

ఆదోని మండలం సంతెకుడ్లూరులో హోలీ వచ్చిందంటే మగవాళ్లు చీర కట్టి, నగలు పెట్టుకుని రతీ మన్మథులకు మొక్కు తీర్చుకుంటారు. ఆ ఫొటోలు ఫోన్లలో తిరగడం మొదలైతే చాలు, మా స్టూడియోకు ఇంకో రకం గిరాకీ తగులుతుంది. "అన్నా, నా మొగం మా ఆమెకు, ఆమె మొగం నాకు పెట్టియ్యన్నా" అని జంటలు వస్తారు. చూడ్డానికి నవ్వులాట పనే కానీ, ఇద్దరు మగవాళ్ల మొహాలు మార్చడం కంటే దీంట్లో చేయి జారే చోట్లు చాలా ఎక్కువ.

ఫొటోషాప్ తెరవకముందే ఒక జాగ్రత్త. ఇద్దరూ కౌంటర్ దగ్గర నిలబడి సరే అంటేనే పని పట్టుకోండి. స్నేహితుడి పెళ్లాం ఫొటో, ఆఫీసులో అమ్మాయి ఫొటో తెచ్చి "ఊరికే తమాషాకి" అనేవాళ్లను అక్కడి నుంచే పంపించేయండి. సంతెకుడ్లూరులో మొక్కు తీర్చుకుంటున్నవాళ్ల ఫొటోలనూ ముట్టుకోవద్దు. అది వాళ్ల భక్తి, మన సరదాకు సరుకు కాదు.

ఇక ఫొటోల సంగతి. ఇంటి నుంచి సెల్ఫీలు తెస్తే నేను తీసుకోను. చేయి చాచినంత దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. ఆ మొహాన్ని స్టూడియోలో తీసిన తల మీద పెడితే ఎంత దిద్దినా మాస్కు తగిలించినట్టే ఉంటుంది. ఇద్దరినీ ఒకే గదిలో, ఒకే లైటు కింద, ఆరడుగుల దూరం నుంచి, తల ఒకే వైపు తిప్పించి తీయండి. మిట్టమధ్యాహ్నం మిద్దె మీద తీసినవి అసలు వద్దు. మగవాళ్లకు కనుబొమల కింద ఎముక ముందుకు పొడుచుకుని ఉంటుంది. పైనుంచి ఎండ పడితే ఆ ఎముక నీడ కళ్లను మింగేస్తుంది, తర్వాత దాన్ని తీయలేం. ఆయన్ను ఆ పొద్దున్నే నున్నగా గడ్డం చేసుకుని రమ్మనండి. ఆమెకు మేకప్‌తో కొన్ని, మొహం కడిగాక కొన్ని తీసి పెట్టుకోండి.

పోయిన ఏడాది ఒక జంటకు నేను చేసిన తప్పు చెప్తాను. చీర కట్టుకున్న ఆమె తలకు ఆయన మొహం పెట్టాలి. ఆడతనం రావాలని కనుబొమలు సన్నగా చేసి పైకి లాగాను, Liquifyలో దవడ నొక్కాను, కళ్లు కాస్త పెద్దవి చేశాను. నాకైతే బ్రహ్మాండంగా కుదిరిందనిపించింది. ఆమె చూసి, "ఈయన మా ఆయన కాదన్నా, మా ఆడబిడ్డ" అంది. నిజమే, అచ్చం ఆయన చెల్లెలే. మొహం ఆడమనిషిదయింది కానీ అందులో ఆయన లేడు. డబ్బులు తీసుకోకుండా మళ్లీ మొదలుపెట్టాను.

రెండోసారి మొదటగా తేల్చుకున్నది ఏది మారాలి, ఏది మారకూడదు అన్నది. కళ్లు, ముక్కు, నోరు ఆయనవి. నుదుటి మీది జుట్టు గీత, చెవులు, దవడ, గడ్డం కొన, మెడ ఆమెవి. అంటే ఆయన దవడను చిన్నది చేయాల్సిన పనే లేదు, దాన్ని తేకుండా ఉంటే చాలు. ఆయన లేయర్‌ను సగం పారదర్శకంగా పెట్టి, కంటిపాపలు ఆమె కంటిపాపల మీదికి వచ్చేలా సైజు సరిచేశాను. లేయర్ మాస్కు అంచును చెంప మధ్యలో చదునుగా ఉన్న చోట ఆపితే అతుకు కనపడుతుంది. అందుకే ముక్కు పక్కనుంచి నోటి వైపు దిగే గీత వెంబడి తెచ్చి, కింది పెదవి కింద ఉండే చిన్న గుంటలో ముగించాను. అక్కడ ఎవరికైనా నీడ ఉంటుంది కాబట్టి అతుకు అందులో కలిసిపోతుంది. ఆ కిందంతా ఆమె గడ్డమే.

కనుబొమలను ఈసారి లాగలేదు. మగవాళ్ల కనుబొమలు కంటికి దగ్గరగా, తిన్నగా ఉంటాయి. ఆడవాళ్లవి కాస్త పైన ఉండి, బయటి కొసకు ముందు వంపు తిరుగుతాయి. మొత్తంగా పైకి లాగితే కనురెప్ప చర్మం సాగి, ఉలిక్కిపడ్డ మొహం వస్తుంది. రెప్ప మీద చర్మం గీతలు నూనె రాసినట్టు అలుక్కుపోతే ఎక్కువ లాగారని అర్థం. దానికి బదులు బొమ కింది అంచు వెంట్రుకలను మూడో వంతు వరకు చర్మంతో కప్పేయండి, కొస మాత్రం ఒక్క పిసరు పైకి జరపండి. బ్యూటీ పార్లర్‌లో త్రెడ్డింగ్ చేసేదీ దాదాపు ఇదే. బొమల మీది ఎముక నీడను కాస్త తేలిక చేయాలి, పూర్తిగా తుడిచేస్తే ఆయన పోలిక పోతుంది.

బొట్టు, ముక్కుపుడక ముందే వేరే లేయర్లలో దాచుకుని, మొహం కుదిరాక పెట్టాలి. ముక్కుపుడకను దాని చిన్న నీడతో సహా తేకపోతే గాల్లో తేలుతున్నట్టుంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా పట్టిచ్చేది పైపెదవి మీది నీలి ఛాయ. ఎంత నున్నగా గీసినా మగవాళ్లకు అక్కడ చర్మం కింద వెంట్రుక రంగు కనపడుతుంది. చాలామంది దాని మీద బ్లర్ కొడతారు. చర్మం రంధ్రాలు పోయి ప్లాస్టిక్ బొమ్మలా అవుతుంది, నీలం మాత్రం పోదు. అది రంగు సమస్య, నునుపు సమస్య కాదు. కొత్త లేయర్ తీసి దాని మోడ్ Color పెట్టండి, చెంప రంగు తీసుకుని మెత్తటి బ్రష్‌తో ఒపాసిటీ ఇరవై శాతం మించకుండా రెండు మూడు సార్లు పూయండి. ఇంకా నల్లగా అనిపిస్తే Curvesతో కొంచెం వెలుగివ్వండి. అసలైన చిట్కా ఫొటో తీయకముందే ఉంది. నారింజ రంగు లిప్‌స్టిక్‌ను అక్కడ పల్చగా అద్ది, పైన ఫౌండేషన్ వేస్తే నీలం విరిగిపోతుంది. ఆయన సిగ్గుపడతాడు కానీ మనకు గంట పని తగ్గుతుంది.

మేకప్‌లో తొందర పడకండి. ఆమె కాటుక, లిప్‌స్టిక్ ఫొటోలోంచి కత్తిరించి అంటిస్తే ఆయన రెప్పల ఆకారానికి కుదరవు. ఆయన కళ్ల గీత వెంబడే కొత్తగా గీయాలి. పెదవులకు రంగు మాత్రమే ఇవ్వండి, పెదవిని లావు చేయొద్దు.

ఇక ఆమె మొహం ఆయన చొక్కా మీదికి. ఇక్కడ మొహం కడిగాక తీసిన ఫొటోనే వాడాలి, కాటుక తుడిచే పని ఫొటోషాప్‌లో ఎవరూ చక్కగా చేయలేరు. దవడ ఆయనదే ఉంచితే చాలావరకు పని అయిపోతుంది. ఆమె నున్నటి చెంప పక్కన ఆయన గరుకు చర్మం తేడా కొడుతుంది కాబట్టి చెంప మీద కొద్దిగా నాయిస్ కలపండి. మీసం దగ్గర జాగ్రత్త. ఆడవాళ్లకు ముక్కుకూ పెదవికీ మధ్య దూరం తక్కువ. గీయకముందు తీసిన ఫొటోలోంచి ఆయన మీసాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే పెదవి మూసుకుపోయి, స్కూలు నాటకంలో అతికించిన మీసంలా ఉంటుంది. మీసం లేయర్‌ను పైనుంచి కాకుండా కింది అంచు నుంచి కత్తిరించి తగ్గించండి.

అంతా అయ్యాక ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పి చూడండి, తర్వాత బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. రంగు కుదిరి వెలుగు కుదరని చోట్లు అప్పుడు బయటపడతాయి. మా జంట విషయంలో బొట్టు కింద నుదురు ఒక వైపు తెల్లగా ఉందని నాకు అలాగే తెలిసింది.

ప్రింటు మీద కింద చిన్న అక్షరాలతో "సరదాకు మార్చిన ఫొటో" అని వేసి ఇస్తాను. ఫైలు వాళ్లకిచ్చి, వాళ్ల ముందే నా సిస్టంలోంచి తీసేస్తాను. రెండోసారి చేసింది చూసి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అదే కోపం చూపు" అని నవ్వింది. ఆయన మాత్రం మీసం మరీ చిన్నదైపోయిందంటూ ఒప్పుకోలేదు.