కొత్త ఫోనుకు మారేముందు వాట్సాప్ ఆరంకెల పిన్ సంగతి చూసుకోండి

పండగ ముందు ఫోన్లు మార్చేవాళ్లు ఎక్కువ. అందుకే పోయిన వారం అనంతపురం చీనీ మార్కెట్లో మా మామకు జరిగింది రాస్తున్నాను. ఆయన కమీషన్ వ్యాపారి. తోటల నుంచి కాయల ఫొటోలు, లారీ నంబర్లు, రోజువారీ ధరలు అన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి.

సోమవారం ఉదయం యాప్ తెరిస్తే ఆరంకెల పిన్ అడిగింది. ఎస్‌ఎంఎస్ కోడ్‌తో పాటు పిన్ కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నవారు ఆ పిన్ మర్చిపోకుండా ఉండేందుకు యాప్ అప్పుడప్పుడూ అలా అడుగుతుంది. రెండేళ్ల కిందట ఎవరో పెట్టిచ్చిన పిన్ ఆయనకు గుర్తులేదు. పక్క దుకాణం కుర్రవాడు, "మామా, యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటే సరిపోతుంది" అన్నాడు. తీసేశారు. మళ్లీ వేశారు. ఎస్‌ఎంఎస్‌లో కోడ్ వచ్చింది, కొట్టారు. ఆ వెంటనే మళ్లీ అదే పిన్ అడిగింది. పిన్ మార్చుకునేందుకు ముందే ఈమెయిల్ ఇచ్చి ఉండలేదు. కొత్త పిన్ పెట్టుకోవాలంటే ఇక 7 రోజులు ఆగాల్సిందే.

నేను చూసినవారిలో చాలామంది దెబ్బతిన్నది ఈ ఒక్క చోటే. పిన్ మర్చిపోవడం చిన్న విషయం. యాప్ ఫోనులో తెరుచుకుని ఉన్నంతవరకు పాత పిన్ తెలియకపోయినా దారి ఉంటుంది. యాప్ తీసేసిన క్షణం నుంచి మీరు బయట నిలబడి తలుపు తట్టేవారు అవుతారు.

పిన్ మర్చిపోయారు, యాప్ ఇంకా తెరుచుకుంటోంది

పిన్ అడిగే తెరపైనే `Forgot PIN?` ఉంటుంది. దాన్ని నొక్కితే ఈ ధ్రువీకరణను ఆపేసే వీలు వస్తుంది. తెరపై ఏమీ అడగకపోయినా `Settings > Account > Two-step verification` లోకి వెళ్లి `Change PIN` తో కొత్తది పెట్టుకోవచ్చు. ఫోను మార్చాలనుకున్న రోజు చేయాల్సిన మొదటి పని ఇదే: సిమ్ తీయకముందు, పాత ఫోనులోనే, మీకు నోటికి వచ్చే పిన్ పెట్టండి. ఆ తర్వాతే సిమ్ సంగతి.

ఈమెయిల్

అదే చోట ఈమెయిల్ చేర్చే వీలుంది. అది ఉంటే బయట ఉండిపోయినా 7 రోజులు ఆగనక్కర్లేదు. `Forgot PIN?` నొక్కి ఈమెయిల్ పంపమంటే లింకు వస్తుంది, దాన్ని తెరిచి నిర్ధారించి, యాప్‌కు తిరిగి వచ్చి కొత్త పిన్ పెట్టుకోవచ్చు. కానీ ఆ ఈమెయిల్ మీరు తెరవగలిగేదే అయి ఉండాలి. దుకాణంవాడు ఫోను అమ్మినప్పుడు తయారుచేసిచ్చిన చిరునామా, దాని పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు: అలాంటిది ఉన్నా లేనట్టే. ఒక్కో అక్షరం చూసి రాయండి.

బయట చిక్కుకున్నాక

ఎస్‌ఎంఎస్‌లో వచ్చేదీ, మీరు పెట్టుకున్న పిన్ వేరువేరు. రెండూ ఆరంకెలే కాబట్టి చాలామంది ఇక్కడే గందరగోళపడి, వచ్చిన కోడ్‌నే పిన్ చోట మళ్లీ మళ్లీ కొడతారు. అది పనిచేయదు. పుట్టిన తేదీలు వరుసగా కొట్టి చూడటమూ అంతే, కొన్నిసార్లు తప్పాక కాసేపు ఆగమంటుంది.

ఈ 7 రోజుల్లో మీకు పంపినవి వెంటనే పోవు. చేరని సందేశాలు 30 రోజుల వరకు సర్వర్లో వేచి ఉంటాయి. కాబట్టి ఆ వారంలో వచ్చినవి తర్వాత అందుతాయి. అయితే లారీ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది! మా మామ మొదటి రోజు సాయంత్రానికే తోటలవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోను చేసి, ధరలు నోటితో చెప్పి, కాగితంపై రాసుకోవడం మొదలుపెట్టారు. నాకు అది నచ్చింది. తెర ముందు కూర్చుంటే గడువు తగ్గదు.

ఇక మిగతావి, వరుసగా:

గడువు ముందే పిన్ తీయిస్తామని ఫోను చేసేవాళ్లు మోసగాళ్లు. డబ్బు ఇవ్వకండి.

ఎస్‌ఎంఎస్ కోడ్ ఎవరికీ చదివి చెప్పకండి. మేనల్లుడికైనా సరే.

మీ నంబరును వేరొకరు తమ ఫోనులో చేర్చుకుని, వాళ్లే పిన్ పెట్టి ఉంటే కూడా 7 రోజులే. కానీ మీరు ఎస్‌ఎంఎస్ కోడ్ కొట్టగానే వాళ్లు బయటికి పోతారు. అందుకే పిన్ తెలియకపోయినా ఆ కోడ్ వెంటనే కొట్టండి.

బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటే అది ఈ పిన్ కాదు. దాన్ని విడిగా రాసుకోండి.

పిన్‌ను ఫోను వెనక అట్టపై రాయకండి. ఇంట్లో లెక్కల పుస్తకంలో రాయండి.

పిన్ మర్చిపోతే యాప్ తీసేయకండి.

సెట్టింగుల్లో డేటా తుడిచేయకండి, అదీ తీసేయడమే.

ఫోను రీసెట్ చేయకండి. పాత ఫోను మార్పిడికి ఇచ్చేసి, ఆ తర్వాత పిన్ గుర్తుచేసుకోకండి.

ఎవరు చెప్పినా సరే, యాప్ తీసేయకండి.