టైల్స్ వేసే ముందు లెవెల్ ట్యూబుతో అన్ని గదుల ఎత్తు ఎలా చూసుకోవాలి?

సగం టైల్స్ వేశాక ఒక గది ఎత్తుగా వస్తోందని తెలిస్తే పగలగొట్టడం తప్ప దారి ఉండదు. అందుకే పని మొదలుపెట్టకముందే అన్ని గదుల గోడల మీద ఒకే ఎత్తులో గుర్తులు పెట్టుకోవాలి.

1. ముందు లెవెల్ ట్యూబును, అంటే లోపలి నీళ్లు బయటికి కనిపించే పొడవాటి పైపును, నీళ్లతో నింపండి. బకెట్‌ను ఎత్తున పెట్టి, ట్యూబు ఒక కొస అందులో ముంచి, రెండో కొసను కిందికి దించి నోటితో పీల్చి, నీళ్లు ధారగా వచ్చేదాకా వదలండి. లోపల ఒక్క గాలి బుడగ కూడా మిగలకూడదు. నింపాక రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని చూడండి. నీళ్లు ఒకే ఎత్తులో లేకపోతే ఎక్కడో బుడగ ఉన్నట్టే, మళ్లీ నింపాల్సిందే.

2. మెయిన్ డోర్ దగ్గర ఫ్లోరింగ్ ఏ ఎత్తుకు రావాలో నిర్ణయించి, అక్కడి నుంచి సరిగ్గా 1000 మి.మీ. పైన గోడ మీద సన్నటి గీత గీయండి. ఇదే మూల గుర్తు.

3. ఒకరు ఈ గీత దగ్గర, ఇంకొకరు గదిలో ట్యూబు పట్టుకోవాలి. నడిచేటప్పుడు నీళ్లు పోకుండా కొసలను బొటనవేలితో మూసినా, చూసేటప్పుడు రెండూ తెరిచే ఉండాలి. ఒక కొస మూసి ఉంటే నీళ్లు సమం కావు. చాలా తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఊగడం ఆగాక, మొదటి మనిషి తన కొసను కాస్త పైకో కిందికో జరిపి నీటిని గీతకు తెస్తాడు. "సరే" అనగానే రెండో మనిషి తన దగ్గర నీటిమట్టం ఎక్కడుందో అక్కడ గుర్తు పెడతాడు.

ప్రతి గదికీ మూల గుర్తు నుంచే లెవెల్ తీసుకెళ్లండి. గుర్తు నుంచి గుర్తుకు వెళ్తే చిన్న తేడాలు కూడుకుంటూ పోతాయి.

4. ఇప్పుడు గుర్తుల నుంచి స్లాబ్ దాకా కొలవండి. కొలత పెరిగితే నేల పల్లం, తగ్గితే ఎత్తు. టైలుకు 10, కింద మాలుకు కనీసం 30 మి.మీ. అనుకుంటే కొలత 1040కి తగ్గకూడదు. హాల్లో 1062 వచ్చింది, ఇబ్బంది లేదు. బెడ్‌రూమ్ మూలలో 1028 వచ్చింది, అంటే 12 మి.మీ. చోటు చాలదు. ఆ మూల ఒక్కటే ఉబ్బి ఉంటే, కడ్డీలకు తగలకుండా ఇంజనీరును అడిగి చెక్కించవచ్చు. గదంతా అలాగే ఉంటే ఇల్లంతా ఫ్లోరింగ్ 12 మి.మీ. పెంచాలి. అప్పుడు తలుపుల అడుగు, మెట్ల చివరి ఎత్తు సరిపోతాయా అన్నది కూడా చూసుకోవాలి.

పెద్ద హాళ్లకు, ఆరుబయటకు స్టాండు మీద నిలబెట్టి దుర్భిణిలోంచి చూసే డంపీ లెవెల్ మేలు. అందులోనూ లెక్క ఇదే. నేల మీద నిలువుగా పట్టుకునే కొలబద్దను స్టాఫ్ అంటారు. దాని రీడింగ్ హాల్లో 1.420, బెడ్‌రూమ్‌లో 1.386 మీటర్లు వస్తే బెడ్‌రూమ్ 34 మి.మీ. ఎత్తు. పరికరాన్ని రెండు చోట్లకూ దాదాపు సమాన దూరంలో నిలబెడితే, దాని చూపులో కొంచెం వాలు ఉన్నా ఆ తేడా రెండు రీడింగుల్లోనూ ఒకేలా పడి కొట్టేసుకుపోతుంది.