డ్రాప్-ఫ్రేమ్, నాన్-డ్రాప్ టైమ్‌కోడ్‌ల తేడా వల్ల జారిపోయిన సబ్‌టైటిళ్లను సరిచేయడం ఎలా?

మొదటి సంభాషణ దగ్గర సబ్‌టైటిల్ సరిగ్గా పడుతుంది, అయిదో నిమిషంలోనూ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ నలభయ్యో నిమిషానికి పాత్ర నోరు తెరవకముందే మాట తెర మీదికి వచ్చేస్తుంది. వీడియో సెకనుకు 29.97 ఫ్రేములదైతే ముందుగా అనుమానించవలసింది టైమ్‌కోడ్ లెక్కనే. దీన్ని ఊహ మీద జరుపుతూ పోతే ఒకచోట కుదిరింది మరొకచోట చెడుతుంది. కారణం తెలుసుకుని లెక్క ప్రకారం మారిస్తే ఫైలు మొత్తం ఒకేసారి సరిపోతుంది.

తేడా ఎక్కడ పుడుతుంది

అమెరికాలో 1953లో రంగుల టెలివిజన్ ప్రమాణం వచ్చినప్పుడు, రంగు సంకేతమూ ధ్వని సంకేతమూ ఒకదానికొకటి అడ్డుపడకుండా ఉండేందుకు ఫ్రేముల వేగాన్ని సెకనుకు 30 నుంచి వెయ్యింట ఒక వంతు మేర తగ్గించారు. ఆ వేగం కచ్చితంగా 30000/1001, అంటే సుమారు 29.97. టైమ్‌కోడ్ మాత్రం ఫ్రేములను పూర్ణసంఖ్యలతోనే లెక్కించాలి కనుక, 30 ఫ్రేములు గడిచాకే ఒక సెకను అయినట్టు చూపిస్తుంది. నాన్-డ్రాప్ పద్ధతి అంతటితో ఆగుతుంది. ఫలితంగా గడియారంలో సరిగ్గా గంట గడిచినప్పుడు నాన్-డ్రాప్ లెక్క ఇంకా 00:59:56:12 దగ్గరే ఉంటుంది, అంటే గంటకు దాదాపు 3.6 సెకన్లు వెనకబడుతుంది.

ప్రసారం నిమిషాల లెక్కన నడుస్తుంది కాబట్టి ఈ వెనుకబాటును సర్దడానికి డ్రాప్-ఫ్రేమ్ పద్ధతి వచ్చింది. ఇందులో ప్రతి నిమిషం మొదట్లో 00, 01 అనే రెండు సంఖ్యలను వదిలేస్తారు. పదితో భాగించబడే నిమిషాల్లో మాత్రం వదలరు. కాబట్టి 00:00:59;29 తరువాతి ఫ్రేము 00:01:00;02 అవుతుంది. గంటకు 54 నిమిషాల్లో రెండేసి చొప్పున 108 సంఖ్యలు పోతాయి. పేరులో ‘డ్రాప్’ ఉన్నా ఒక్క బొమ్మ కూడా తొలగిపోదు, సంఖ్యలే దాటవేయబడతాయి. ఒకే ఫ్రేముకు రెండు పద్ధతుల్లో రెండు పేర్లు ఉంటాయన్న ఈ ఒక్క విషయం మీదే మిగతా పని అంతా ఆధారపడి ఉంది.

మొదటి అడుగు: వీడియో ఏ పద్ధతిలో ఉందో చూడండి

```
ffprobe -v error -show_entries stream=r_frame_rate:stream_tags=timecode input.mov
```

వేగం 30000/1001 అని వచ్చి, టైమ్‌కోడ్‌లో చివరి జంటకు ముందు సెమికోలన్ ఉంటే (01:00:00;00) అది డ్రాప్-ఫ్రేమ్. అన్నీ కోలన్లే అయితే నాన్-డ్రాప్. 24000/1001 అని వస్తే ఈ వ్యాసంలోని సమస్య మీది కాదు, ఎందుకంటే ఆ వేగానికి డ్రాప్-ఫ్రేమ్ పద్ధతే లేదు. 25 ఫ్రేములకూ లేదు.

రెండో అడుగు: సబ్‌టైటిల్ ఫైలును పరిశీలించండి

ఇక్కడ విరామచిహ్నాన్ని పూర్తిగా నమ్మకూడదు, ఎందుకంటే డ్రాప్-ఫ్రేమ్‌లో తయారైన జాబితాలను కూడా కోలన్లతో రాసి పంపడం ఉంది. నమ్మదగిన ఆధారం వేరొకటి ఉంది. 01:07:00:01 వంటి సమయం ఫైలులో ఎక్కడైనా కనిపిస్తే, డ్రాప్-ఫ్రేమ్‌లో అటువంటి సంఖ్యే ఉండదు కాబట్టి, అది నాన్-డ్రాప్ అని నిశ్చయంగా చెప్పవచ్చు. అయితే అటువంటివి కనబడనంత మాత్రాన అది డ్రాప్-ఫ్రేమ్ అని తేలదు, ఎందుకంటే నిమిషానికి రెండే రెండు సంఖ్యల మీద ఒక సంభాషణ పడే అవకాశం చాలా తక్కువ.

మూడో అడుగు: తప్పును కొలవండి

మొదట్లో, పదో నిమిషం దగ్గర, చివర్లో ఒక్కో సంభాషణను ఎంచుకుని, మాట మొదలైన ఫ్రేముకూ సబ్‌టైటిల్ వచ్చిన ఫ్రేముకూ మధ్య దూరం రాసుకోండి. టైమ్‌కోడ్ పద్ధతుల తేడా అయితే మొదటి నిమిషంలో తప్పు సున్నా ఉంటుంది, పది నిమిషాలకు 18 ఫ్రేములు, గంటకు 108 ఫ్రేములు అవుతుంది. అయిదు నిమిషాల దగ్గర తేడా పది ఫ్రేములే, అంటే సెకనులో మూడో వంతు. మొదటి కొన్ని నిమిషాలే చూసి ఆమోదించిన ఫైళ్లలో ఈ లోపం దాగిపోవడానికి ఇదే కారణం, కనుక చివరి సంభాషణను చూడకుండా దేన్నీ ఆమోదించకండి.

దిశ కూడా ముఖ్యమే. నాన్-డ్రాప్ సమయాలను డ్రాప్-ఫ్రేమ్‌గా చదివితే సబ్‌టైటిళ్లు ముందుగా వస్తాయి, డ్రాప్-ఫ్రేమ్ సమయాలను నాన్-డ్రాప్‌గా చదివితే ఆలస్యంగా వస్తాయి. తప్పు మొదటి నుంచి చివరి దాకా ఒకే పరిమాణంలో ఉంటే అది ప్రారంభ సమయపు తేడా మాత్రమే. నిమిషానికి రెండున్నర సెకన్ల చొప్పున పెరుగుతుంటే అది 25కూ 23.976కూ మధ్య తేడా. ఇక 24కూ 23.976కూ మధ్య గందరగోళం కూడా గంటకు 3.6 సెకన్లే చూపిస్తుంది కాబట్టి, మొదటి అడుగులో వేగాన్ని చూసుకోకుండా కొలత ఒక్కదానితో నిర్ణయానికి రాకూడదు.

నాలుగో అడుగు: ఫ్రేము సంఖ్య మీదుగా మార్చండి

ఒక పేరు నుంచి నేరుగా ఇంకో పేరుకు వెళ్లవద్దు. ముందు సమయాన్ని ఫ్రేము సంఖ్యగా మార్చాలి.

```python
def frame_no(h, m, s, f, drop):
    mins = 60*h + m
    n = 30*(60*mins + s) + f
    if drop:
        n -= 2*(mins - mins//10)
    return n
```

ఒక ఉదాహరణ చూద్దాం. వీడియో 01:00:00;00 దగ్గర డ్రాప్-ఫ్రేమ్‌లో మొదలవుతుంది. సబ్‌టైటిళ్లు 01:00:00:00 దగ్గర మొదలయ్యే నాన్-డ్రాప్ ప్రతిని చూసి రాసినవి. వాటిలో ఒక సంభాషణ 01:42:30:00 దగ్గర ఉంది. ప్రారంభం నుంచి లెక్కిస్తే 42 నిమిషాల 30 సెకన్లు, అంటే 76,500 ఫ్రేములు. డ్రాప్-ఫ్రేమ్‌లో ఆ 42 నిమిషాల్లో 10, 20, 30, 40 నిమిషాలను మినహాయిస్తే 38 చోట్ల రెండేసి సంఖ్యలు, మొత్తం 76 దాటిపోతాయి. అందుచేత అదే ఫ్రేముకు డ్రాప్-ఫ్రేమ్ పేరు 01:42:32;16 అవుతుంది. మార్చకుండా వదిలేస్తే ఆ సబ్‌టైటిల్ 76 ఫ్రేములు, అంటే రెండున్నర సెకన్లు ముందుగా పడుతుంది.

ఎక్కువమంది పొరబడేది ప్రారంభ సమయం దగ్గరే. లెక్కను 00:00:00:00 నుంచి మొదలుపెట్టే సాధనాలు నాన్-డ్రాప్ 01:00:00:00ను డ్రాప్-ఫ్రేమ్‌లో 01:00:03;18గా మారుస్తాయి. అంకగణితం ప్రకారం అది తప్పు కాదు, కానీ రెండు ప్రతులూ సరిగ్గా ఒంటిగంట దగ్గరే మొదలవుతున్నప్పుడు ప్రతి సబ్‌టైటిల్ 3.6 సెకన్లు ఆలస్యమవుతుంది. కాబట్టి సంభాషణ ఫ్రేము సంఖ్యలోంచి దాని సొంత ప్రతి ప్రారంభ ఫ్రేము సంఖ్యను తీసివేసి, వచ్చిన శేషాన్నే కొత్త ప్రతి ప్రారంభ ఫ్రేము సంఖ్యకు చేర్చండి.

ఎస్సార్టీ ఫైలు కావాలంటే

SRT ఫైలులో ఫ్రేములు ఉండవు, నిజమైన సెకన్లూ మిల్లీసెకన్లూ ఉంటాయి. పై శేషాన్ని 1001తో గుణించి 30000తో భాగిస్తే సరైన సమయం వస్తుంది. మన ఉదాహరణలో 76,500 ఫ్రేములకు 2552.55 సెకన్లు, అంటే 00:42:32,550. నాన్-డ్రాప్ అంకెలను అలాగే ఎత్తి 00:42:30,000 అని రాసిన ఫైలు మీ దగ్గర ఇప్పటికే ఉంటే, సమయాలన్నింటినీ 1.001తో గుణించండి. కానీ అదే ఫైలు డ్రాప్-ఫ్రేమ్ అంకెల నుంచి తయారైనదైతే గుణించకూడదు, ఎందుకంటే ఆ అంకెలు అప్పటికే గడియారానికి దాదాపు రెండు ఫ్రేములంత దగ్గరగా ఉంటాయి, గుణిస్తే కొత్తగా ఆలస్యం మొదలవుతుంది.

మార్చిన ఫైలును మూడో అడుగులో ఎంచుకున్న ఆ మూడు చోట్లే మళ్లీ కొలవండి. మూడింటిలోనూ ఒకే తేడా మిగిలితే ప్రారంభ సమయాన్ని జరపాలి. చివర్లో తేడా రెట్టింపయి ఉంటే, మీరు దిశను తారుమారు చేశారని అర్థం.