మొక్క వాడిపోతోందా? ఎరువు వేసే ముందు కుండీని చూడండి

సమస్య: మట్టి తడిగానే ఉంది, మొక్క మాత్రం వాడిపోతోంది

మా ఇంట్లో స్నేక్ ప్లాంట్‌కు ఇదే జరిగింది. ఆకులు మొదళ్ల దగ్గర మెత్తబడి, పట్టుకుంటే ఊడి వచ్చాయి. 8 అంగుళాల ప్లాస్టిక్ కుండీ, అడుగున ఒకటే రంధ్రం, కింద పళ్లెంలో ఎప్పుడూ నీళ్లు. మొక్కను బయటికి తీస్తే అడుగు మట్టి మురుగు వాసన కొట్టింది. వేరును చేతివేళ్లతో లాగితే పైపొర జారిపోయి లోపల దారం మిగిలింది. కుళ్లిన వేరుకు అదే గుర్తు.

ప్లాస్టిక్ గోడ నీటిని బయటికి పోనివ్వదు. ఆ నీరు మట్టి పైభాగం నుంచి ఆవిరి కావాలి, లేదా రంధ్రం గుండా కారాలి. నేను అడుగున గులకరాళ్లు కూడా పరిచాను, అదీ పొరపాటే. నీరు రాళ్లలోకి వెంటనే దిగదు, వాటిపైనున్న మట్టిలోనే నిలుస్తుంది. అంటే ఆ తడి మొక్క వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది.

కుళ్లిన వేళ్లు కోసి, మొక్కను రెండు రోజులు నీడలో ఆరబెట్టాను. ముతక ఇసుక సగం కలిపిన మట్టితో మట్టి కుండీలో నాటి, కుండీని ఇటుక ముక్కలపై ఎత్తి పెట్టాను. పళ్లెం తీసేశాను.

సమస్య: ఉదయం నీళ్లు పోసినా సాయంత్రానికి తల వాలుస్తోంది

కుండీ ఎత్తి చూడండి. తేలికగా ఉంటే దాహమే. వేసవిలో కూజా నీళ్లు చల్లబడేది గోడలు చెమర్చడం వల్లే కదా, మట్టి కుండీ కూడా అలాగే తడిని బయటికి పంపేస్తుంది. తడి కోరే పీస్ లిలీని అందులో పెడితే రోజూ ఇదే తంతు. దాన్ని ప్లాస్టిక్‌లోకి మార్చండి. మట్టి కుండీ అందమే ముఖ్యమైతే, రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీని దానిలో దించండి. కుండీపై తెల్లటి పొర బోరునీటి లవణాలు, తెగులు కాదు. బ్రష్‌తో రుద్దితే చాలు.

సమస్య: పడమటి బాల్కనీలో ఆకుల అంచులు మాడుతున్నాయి

మే నెలలో మధ్యాహ్నం మూడింటికి నల్ల ప్లాస్టిక్ కుండీ గోడపై చెయ్యి ఆనించండి. నిలపలేకపోతే, ఎండ తగిలే వైపు మొక్క వేళ్లూ అలాగే వేగుతున్నట్టు. పైన చెప్పిన జంట కుండీల ఏర్పాటే ఇక్కడా పనికొస్తుంది. మధ్యలో వేలెడు ఖాళీ ఉంచండి.

సిమెంట్ కుండీ నెమ్మదిగా వేడెక్కుతుంది, పొద్దు గుంకాక కూడా వేడి వదలదు. కొత్తదైతే సున్నం ఊరి, లేత ఆకులు ఈనెకూ ఈనెకూ మధ్య పాలిపోతాయి. నాటడానికి ముందే వారం రోజులు నీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉండండి. పెద్ద అరెకా పామ్ గాలికి పడిపోకుండా ఉండాలంటే నాకు సిమెంటే ఇష్టం. అయితే 12 అంగుళాల కుండీని తడిమట్టితో కదపాలంటే ఇద్దరు కావాలి. కాబట్టి దాని చోటు నిర్ణయించాకే మట్టి నింపండి. బాల్కనీ గ్రిల్‌కు మాత్రం ఎప్పుడూ తగిలించవద్దు.