అసలు మనిషేనా? నాలుగో పాఠం: ‘ఎక్కడా దొరకలేదు’ అంటే ఏమిటి

పోయిన పాఠంలో డేటింగ్ యాప్‌లో కనిపించిన ఫోటోను, ఫోటోతోనే నెట్‌లో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లోనూ టిన్‌ఐలోనూ పెట్టి వెతకడం నేర్చుకున్నాం. దాని మీద మీరు రాసినవి చదివాక, ఈ వారం అనుకున్న పాఠాన్ని వాయిదా వేశాను. ఎక్కువమంది ఒకే మాట రాశారు: “వెతికాను, ఎక్కడా దొరకలేదు, అంటే అసలు మనిషే కదా?” కాదు. ఫోటో దొరికితే ఏం చేయాలో చెప్పాను గానీ, దొరకకపోతే ఏమనుకోవాలో చెప్పకుండా వదిలేశాను. ఆ లోటు వల్ల ఒకరికి డబ్బు పోయింది.

ఆయనది ఒంగోలు, ఉద్యోగం బెంగళూరు మహదేవపురలో. తన అనుమతితోనే రాస్తున్నాను. మ్యాచ్ అయిన అమ్మాయి తెలుగే, ఉండేది కోరమంగళలో అని ప్రొఫైల్‌లో ఉంది. ఫోటోలు ఆరు. బీచ్‌లో ఒకటి, కేఫ్‌లో ఒకటి, పట్టుచీరలో ఒకటి, అన్నీ పత్రిక కవర్ మీద వేసేటంత బాగున్నాయి. ఒక్కదాంట్లోనూ పక్కన స్నేహితులు లేరు, ఒక్కటీ మసకగా లేదు. ఆరింటినీ వెతికాడు, ఏమీ రాలేదు. వీడియో కాల్ అడిగితే మొదట పీజీలో రూమ్మేట్ ఉందంది, తర్వాత కెమెరా పాడైందంది, ఆ తర్వాత “నా మీద నమ్మకం లేదా?” అంది. పన్నెండో రోజు రాత్రి పదకొండింటికి తనే వీడియో కాల్ చేసింది. అదే ముఖం, నవ్వింది, చెయ్యి ఊపింది. మాట వినిపించలేదు. ఇరవై సెకన్లలో కట్ అయింది. “నెట్‌వర్క్ లేదు” అని మెసేజ్ వచ్చింది. ఈయనకు అనుమానం పోయింది.

తర్వాత మూడు రోజులకు “మా మామయ్య చెప్పిన ట్రేడింగ్ యాప్” వచ్చింది. పదివేలు పెట్టాడు, లాభం కనిపించింది, వెయ్యి రూపాయలు వెనక్కి తీసుకుంటే నిజంగానే అకౌంట్‌లో పడ్డాయి. ఆ ధైర్యంతో అరవైవేలు పెట్టాడు. అవి తీసుకోబోతే ముందు పన్ను కట్టాలన్నారు. అప్పుడు నాకు రాశాడు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, cybercrime.gov.inలో ఫిర్యాదు పెట్టమన్నాను. ఇలాంటప్పుడు ప్రతి గంటా ముఖ్యమే. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకోదానికి మారిపోకముందే బ్యాంకులు ఆపగలగాలి.

ఇప్పుడు అసలు విషయం. ఫోటో ఎందుకు దొరకదు? టిన్‌ఐ ముఖాలను గుర్తుపట్టదు. అదే ఫోటో కాపీ తాను చూసిన వెబ్ పేజీల్లో ఉంటేనే చూపిస్తుంది. లెన్స్ పోలికలున్న ఫోటోలు చూపిస్తుంది గానీ, దానికి కూడా ప్రైవేట్ అకౌంట్లలోవీ, వాట్సాప్ స్టేటస్‌లలోవీ కనిపించవు. ఎవరో అమ్మాయి ప్రైవేట్ అకౌంట్‌లో స్నేహితురాలిలా చేరి తీసుకున్న ఫోటో అయితే, మీరు ఎంత వెతికినా రాదు. ఏఐతో తయారుచేసిన ముఖమైతే దానికి పాత కాపీ అనేదే ఉండదు.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే మీ ఫోన్‌లోంచి, మీరు ఎక్కడా పెట్టని మీ ఫోటో ఒకటి తీసి వెతకండి. ఆ ఫోటో ఎక్కడా దొరకదు. మీరు అసలు మనిషే, అయినా రాలేదు. మోసగాడు ఇవాళ తయారుచేసిన ముఖం పెట్టి వెతికినా రాదు. ఇద్దరికీ ఒకే జవాబు వచ్చినప్పుడు ఆ జవాబుతో ఇద్దరినీ ఎలా విడదీస్తాం? అదే ఫోటో వేరే పేరుతో దొరికితే అది గట్టి ఆధారం. దొరకకపోతే మీ చేతిలో ఏ ఆధారమూ లేదు, మంచికైనా చెడుకైనా. దయచేసి “ఫోటో క్లియర్” అని ఇక రాయకండి. ఈ మాట చూసినప్పుడల్లా నాకు భయం వేస్తోంది.

వెతికేటప్పుడు నేను ముఖాన్ని వదిలేసి వెనకున్న గోడ, బోర్డు, కిటికీ ఉన్న ముక్కను కత్తిరించి వెతుకుతాను. కేఫ్ వేరే దేశంలోదని బయటపడిన సందర్భాలున్నాయి. బోర్డు మీద అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉంటే ఫోటోను తిప్పి చూడండి. సెల్ఫీ కెమెరా కూడా ఒక్కోసారి అలా తిప్పుతుంది కాబట్టి అదొక్కటే మోసానికి ఆధారం కాదు. ప్రొఫైల్ మీద వెరిఫై టిక్ ఉన్నా, టిక్ ఇచ్చిన రోజున సెల్ఫీ ఆ ఫోటోలతో సరిపోయిందని మాత్రమే అర్థం. ఇవాళ టైప్ చేస్తున్నది ఎవరో అది చెప్పదు.

ఇక ఆ ఇరవై సెకన్లు. కంప్యూటర్‌లో వర్చువల్ కెమెరా అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ముందే రికార్డ్ చేసిన వీడియోను అది కెమెరాలోంచి వస్తున్నట్టు కాల్‌లోకి పంపుతుంది. అందుకే మాట ఉండదు, కాల్ పొట్టిగా ఉంటుంది, టైమ్ వాళ్లే నిర్ణయిస్తారు. నవ్వడం, చెయ్యి ఊపడం ఏ వీడియోలోనైనా దొరుకుతాయి. మీరు ఆ క్షణంలో అడిగింది చేయడం మాత్రం రికార్డింగ్ వల్ల కాదు. “ఎడమ చెవి పట్టుకోండి”, “పక్కనున్న నీళ్ల సీసా చూపించండి”, ఇలాంటిది ఒకటి చాలు.

ఇంకో రకం, వేరే మనిషి కూర్చుని తన ముఖం మీద ఈ అమ్మాయి ముఖాన్ని అప్పటికప్పుడు వేసుకునేది. అక్కడ అడిగింది చేస్తారు, మాట్లాడతారు కూడా. చెంప పూర్తిగా కనిపించేలా పక్కకు తిరిగినప్పుడు, అరచేయి ముఖం ముందు నెమ్మదిగా అడ్డంగా కదిపినప్పుడు, ముఖం అంచులు చెదిరి వేళ్లు కరిగినట్టు కనిపించవచ్చు. మంచి సాఫ్ట్‌వేర్ దీన్ని కూడా దాటేస్తోంది కాబట్టి ఈ ఒక్క పరీక్షతో ఆగిపోకండి. నేనైతే పగలు, ఐదు నిమిషాలకు తగ్గకుండా, కిటికీ దగ్గరకు నడుస్తూ మాట్లాడమంటాను. వెలుతురు మారుతూ మనిషి కదులుతున్నప్పుడు ఆ ముసుగు నిలబెట్టడం కష్టం.

అయితే వీడియో వద్దన్న ప్రతి అమ్మాయినీ అనుమానించడం అన్యాయం. కాల్‌ను రికార్డ్ చేసి బెదిరించేవాళ్లు ఉన్నారు, ఆ భయం నిజమైనది. నలుగురున్న పీజీ గదిలో కెమెరా ఆన్ చేయడం కూడా కష్టమే. అందుకే పరీక్షలా కాకుండా ఇలా అడగండి:

“ఆదివారం మధ్యాహ్నం యాప్‌లోనే ఐదు నిమిషాలు వీడియోలో మాట్లాడుకుందామా? ముందు నేనే కెమెరా ఆన్ చేస్తాను. ఇబ్బందిగా ఉంటే చర్చ్ స్ట్రీట్‌లో కాఫీ తాగుదాం, మీ ఫ్రెండ్‌ని కూడా తీసుకురండి.”

అసలు మనిషి అయితే రెండింట్లో ఒకటి ఒప్పుకుంటుంది, లేదా తనకు వీలైన మూడోది చెబుతుంది. మన ఒంగోలు అబ్బాయి మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి ఎంజీ రోడ్‌లో దిగితే చాలు, చర్చ్ స్ట్రీట్ నడిచి వెళ్లేంత దగ్గర. ఒకే ఊళ్లో ఉన్నామంటూ వీడియోకీ రాక, పగటిపూట కాఫీకీ రాక, డబ్బు మాట మాత్రం ఎత్తితే అక్కడితో ఆపేయండి. వాదించకండి. చాట్, ప్రొఫైల్, డబ్బు పంపిన వివరాలు స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే బ్లాక్ చేయండి. బ్లాక్ చేశాక కొన్ని యాప్‌లలో ఆ సంభాషణ మళ్లీ కనిపించదు.

అభ్యాసం: ఈ వారం మీ ఫోటోలు పది వెతకండి. ఎక్కడా పెట్టనివి ఐదు, బయట పెట్టినవి ఐదు. ఏది దొరికింది, ఏది దొరకలేదు అని రాసుకోండి. తర్వాత ఒక స్నేహితుడికి వీడియో కాల్ చేసి, మీ పాత వీడియో ఒకటి ల్యాప్‌టాప్ తెర మీద నడిపిస్తూ దాన్నే ఫోన్ కెమెరాతో చూపించండి. మిమ్మల్ని ఏ ప్రశ్నతో ఎన్నో నిమిషంలో పట్టుకున్నాడో నాకు రాయండి.